టిక్కు చాలదు, అంకె కావాలి

ప్రయోగశాలలో బ్యాలెన్సు పక్కన ఒక పుస్తకం ఉంటుంది. ప్రతి ఉదయం, బరువు ముందే కచ్చితంగా తెలిసిన చెక్ వెయిట్ పెట్టి చూశామనడానికి అందులో ఒక గడి ఉంటుంది. నేను చూసిన చాలా ల్యాబుల్లో ఆ గడిలో టిక్కు మాత్రమే పెడతారు. తూకం హద్దు లోపల ఉంటే టిక్కు పెట్టి పని మొదలుపెడతారు, హద్దు దాటితే సర్వీసు వాళ్లకు ఫోను చేస్తారు. ఈ పద్ధతి సరైనది కాదని నా వాదన. ఆ గడిలో తెర మీద కనబడిన అంకెను నాలుగో దశాంశం దాకా రాయాలి, ఆ రాసేది తూచే మనిషే అయి ఉండాలి, రాసిన అంకె అనుమానంగా తోస్తే పని ఆపే అధికారం కూడా ఆ మనిషికే ఉండాలి. ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. నెల్లూరు దగ్గర రొయ్యల మేతను, గుంటల నీటిని పరీక్షించే ఒక ల్యాబులో రిపోర్టులు సరిచూసే పని చేస్తున్నప్పుడు, ఒక టెక్నీషియన్ వల్ల వారం రోజుల ప్రయోగం నిలబడటం దగ్గరుండి చూశాను. ఆ సంగతి వివరంగా చెబితేనే నా వాదనకు బలం వస్తుంది.

ముందు ఆ ప్రయోగం ఏమిటో చెప్పాలి. మా వైపు వనామీ రొయ్యల రైతులు కంపెనీ మేతను సంచీలోంచి తీసి నేరుగా గుంటలో చల్లడం తక్కువ. చేపనూనె, ఖనిజాల పొడులు కలిపి, అవి నీళ్లలో విడిపోకుండా మేత గుళికకు అంటుకుని ఉండేందుకు బైండరు అనే జిగురు పదార్థం పట్టించి, నీడన ఆరబెట్టి వేస్తారు. బైండరు డబ్బాల మీద రాసే మాటల్లో ఎంత నిజం ఉందో తెలియాలని కొందరు రైతులు అడిగారు. నూనె పట్టించిన మేతను నాలుగు భాగాలు చేసి, ఒకదానికి బైండరు లేకుండా, మిగిలిన మూడింటికి మూడు రకాల బైండర్లతో, గుంట నీళ్లలో ఒక గంట నానబెట్టి, తీసి ఆరబెట్టి, ఒక్కోదానిలో ఎంత కొవ్వు మిగిలిందో కొలవాలన్నది పథకం. ఇందుకూరుపేట వైపు ఒక గుంట నుంచి ఆ నీళ్లు తెచ్చారు. ఆ గుంటలో ఆ ఆదివారమే రొయ్యల పట్టుబడి. పట్టుబడి అయ్యాక నీళ్లు వదిలేస్తారు కాబట్టి, అదే ఉప్పదనం, అదే నాచు ఉన్న నీళ్లతో ఈ ప్రయోగం మళ్లీ చేయడానికి వీలు లేదు.

కొవ్వును సాక్స్‌లెట్ పద్ధతిలో తీస్తారు. ఎండబెట్టి పొడి చేసిన మేతను 2 గ్రాములు తూచి, కాగితపు గొట్టంలో పెట్టి, దాని మీదుగా పెట్రోలియం ఈథర్‌ను గంటల తరబడి తిప్పుతారు. కొవ్వంతా ఈథర్‌లో కరిగి కింద ఉన్న గాజు ఫ్లాస్కులోకి దిగుతుంది. తర్వాత ఈథర్‌ను ఆవిరి చేసి, ఫ్లాస్కును ఓవెన్‌లో సుమారు 100 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, తేమ తగలకుండా మూత ఉండే డెసికేటర్ అనే పాత్రలో చల్లార్చి తూచుతారు. ఖాళీ ఫ్లాస్కు బరువును ముందే రాసుకుని ఉంటారు కాబట్టి, ఆ రెండు బరువుల తేడాయే కొవ్వు. ఒకేసారి ఆరు ఫ్లాస్కులు పెట్టగల పరికరం మాది. ఐదింట్లో మేత పెట్టి, ఆరోదాన్ని మేత లేకుండా ఈథర్‌తో మాత్రమే నడిపిస్తారు. దాన్ని బ్లాంక్ అంటారు. రోజుకు ఒక బ్యాచ్, బ్యాచ్‌కు ఒక రకం మేత. ఒక్కో బ్యాచ్‌లో ఒక్కో బైండరునే పెట్టడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. నాలుగు రకాలనూ ప్రతి బ్యాచ్‌లో కలిపి పెడితే, ఒక రోజు జరిగిన తేడా ఒక్క రకానికే అంటుకోదు. కానీ పథకం అలా ఖరారైంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. నా వాదనంతా దాని మీదే ఆధారపడి ఉంది కనుక కొంచెం నిదానంగా చెబుతాను. 2 గ్రాముల మేతలో ఐదు శాతం కొవ్వు ఉంటే అది 100 మిల్లీగ్రాములు. మనం కొలుస్తున్నది ఆ 100 మిల్లీగ్రాములను అని మన మనసులో ఉంటుంది. బ్యాలెన్సుకు ఆ సంగతి తెలియదు. దాని పళ్లెం మీద ఉన్నది కొవ్వుతో సహా 112 గ్రాముల ఫ్లాస్కు. బ్యాలెన్సు సున్నా దగ్గర సరిగ్గా ఉండి, బరువు పెరిగే కొద్దీ అదే నిష్పత్తిలో తక్కువ చూపిస్తే, ఆ లోపం 100 మిల్లీగ్రాముల మీద పడదు, మొత్తం 112 గ్రాముల మీద పడుతుంది. పది లక్షల్లో 15 వంతుల లోపం అంటే ఎవరికైనా లెక్కలోకి రానిదిగా తోస్తుంది. 112 గ్రాముల మీద అది సుమారు 1.7 మిల్లీగ్రాములు. 2 గ్రాముల మేతకు లెక్క కడితే కొవ్వు శాతంలో 0.08 తేడా వస్తుంది. బైండరుకూ బైండరుకూ మధ్య మేము వెతుకుతున్న తేడాయే 0.1, 0.2 అయినప్పుడు ఇది చిన్న లోపం కాదు.

ఆ లోపం రెండు తూకాల్లోనూ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు. ఖాళీ ఫ్లాస్కునూ, కొవ్వున్న ఫ్లాస్కునూ ఒకే తప్పుతో తూచితే తీసివేతలో ఆ తప్పు దాదాపుగా పోతుంది. రెండు తూకాల మధ్య బ్యాలెన్సు మారితేనే చిక్కు. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. సంవత్సరానికి ఒకసారి వచ్చే కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఈ విషయంలో మనకు ఏమీ చెప్పలేదు. ఆ రోజు, ఆ గదిలో, ఆ వేడిమిలో బ్యాలెన్సు ఎలా ఉందో అది చెబుతుంది. సోమవారం మధ్యాహ్నానికీ బుధవారం ఉదయానికీ మధ్య ఏం జరిగిందో చెప్పాల్సింది పక్కనున్న పుస్తకమే.

మా బ్యాలెన్సు 220 గ్రాముల దాకా తూచుతుంది, 0.1 మిల్లీగ్రాము వరకు చూపిస్తుంది. దానంతట అదే సరిచేసుకునే లోపలి బరువు దానిలో లేదు. చీమకుర్తి నల్లరాయి పలక మీద, కిటికీకి దూరంగా, ఏసీ గాలి నేరుగా తగలని మూలలో ఉంటుంది. పుస్తకంలో 100 గ్రాముల చెక్ వెయిట్‌కు హద్దు అటూ ఇటూ 2 మిల్లీగ్రాములని రాసి ఉంది. ఆ హద్దు ఎవరు పెట్టారో, దేన్ని బట్టి పెట్టారో ఎవరికీ తెలియదు. తూచే పని చూసే అమ్మాయి డిప్లొమా చదివి వచ్చిన టెక్నీషియన్. టిక్కు పెట్టమన్న గడిలో టిక్కు పెట్టి, పక్కనున్న ఖాళీలో పెన్సిలుతో అంకె కూడా రాసేది. ఉదయం ఒకసారి, సాయంత్రం వెళ్లేముందు ఒకసారి. రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ పెన్సిలు అంకెలను వరసగా చూస్తే ఆ బ్యాలెన్సు స్వభావం తెలుస్తుంది. 100.0001, 100.0000, 100.0002, 100.0001. రోజుల తరబడి రెండు మూడు పదోవంతుల మిల్లీగ్రాము లోపలే అది మెదులుతూ ఉండేది.

మంగళవారం ఉదయం ఆమె రాసిన అంకె 99.9987. హద్దు 2 మిల్లీగ్రాములు కనుక పక్కన టిక్కు పడింది. ఆ రోజు సాయంత్రం అంకె 100.0000. ఆ పూట తూచిన ఖాళీ ఫ్లాస్కులు సరైన బ్యాలెన్సు మీదే తూగాయి. అంతకుముందు రోజు మధ్యాహ్నం తూచిన మొదటి బ్యాచ్ ఖాళీ ఫ్లాస్కులూ అంతే.

బుధవారం ఉదయం మొదటి బ్యాచ్ తూకాలు. ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో ముప్పావు గంట ఉంచి, పదీ ఇరవైకి బ్లాంక్ ఫ్లాస్కును పటకారుతో తీసి పళ్లెం మీద పెట్టింది. తలుపులు మూసి, అంకె నిలబడ్డాక రాసుకుని, సోమవారం నాటి బరువులోంచి తీసివేసి చూసింది. ఫ్లాస్కు బరువు 1.8 మిల్లీగ్రాములు తగ్గింది. మేత లేని ఫ్లాస్కు ఈథర్ మడ్డి వల్ల ఒకటి రెండు పదోవంతుల మిల్లీగ్రాము పెరగవచ్చు గానీ తగ్గడానికి కారణం లేదు. గాజు అరిగిపోదు కదా. ఆమె రెండో ఫ్లాస్కును తీయకుండా అక్కడే ఆగింది.

అనుభవం ఉన్నవాళ్లకు ఇలాంటప్పుడు మొదట వచ్చే అనుమానం ఫ్లాస్కు ఇంకా వేడిగా ఉందేమోనని. వేడి వస్తువు చుట్టూ గాలి పైకి లేస్తుంది, దానితో పళ్లెం కొద్దిగా తేలికవుతుంది, బరువు తక్కువ చూపిస్తుంది. చల్లారే కొద్దీ అంకె పైకి ఎక్కుతుంది. ఆమె ఫ్లాస్కును మళ్లీ డెసికేటర్‌లో పెట్టింది. అరగంట తర్వాత తూచితే లోటు 1.8 నుంచి 1.2కు తగ్గింది. అక్కడితో ఆగి ఉంటే, వేడి వల్లనే అనుకుని ఇంకో గంట చల్లార్చి పని కానిచ్చేవారు. అదే జరిగి ఉంటే అసలు కారణం మరుగున పడిపోయేది.

కానీ ఆ అరగంటా ఆమె ఖాళీగా కూర్చోలేదు. ఫ్లాస్కును డెసికేటర్‌లో పెట్టిన వెంటనే చెక్ వెయిట్ తీసి తూచింది. 99.9986. ఆ ఉక్కు బరువు రాత్రంతా అదే గదిలో డబ్బాలో ఉంది, ఓవెన్ మొహం చూడలేదు, ఈథర్ తగల్లేదు. అది కూడా తక్కువ తూగిందంటే లోపం ఫ్లాస్కులో లేదు. తర్వాత పళ్లెం ఖాళీ చేసి, సున్నా చేసి, తలుపులు మూసి కొన్ని నిమిషాలు చూసింది. సున్నా కదల్లేదు. అంటే గాలి విసురు, అదురు, పళ్లెం కింద పడిన పొడి లాంటివి కావు. ఆపైన 50 గ్రాముల బరువు పెట్టింది. ఎప్పుడూ 50.0000 చూపేది 49.9993 చూపింది. 100 గ్రాములకు ఒకటిన్నర మిల్లీగ్రాములు తక్కువ, 50 గ్రాములకు అందులో దాదాపు సగం తక్కువ. సున్నా సరిగ్గా ఉండి, లోటు బరువుతో పాటు పెరుగుతోందంటే మారింది బ్యాలెన్సు సున్నా కాదు, దాని స్పందన. రెండు వేర్వేరు బరువులు ఒకే నిష్పత్తిలో తగ్గాయి కనుక, చెక్ వెయిట్ ఎక్కడో దెబ్బతిన్నదేమోనన్న అనుమానానికీ చోటు లేదు. అరగంట తర్వాత చెక్ వెయిట్ 99.9990కి ఎక్కింది. బ్లాంక్ ఫ్లాస్కు కూడా దాదాపు అంతే మేరకు ఎక్కింది. రెండూ ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని చూపడానికి ఆమె ఆ నాలుగు అంకెలను ఒక కాగితం మీద టైముతో సహా పక్కపక్కనే రాసింది. ఆ కాగితం నా దగ్గరకు వచ్చింది. 112 గ్రాములకు లెక్క కట్టి చూస్తే రెండు మూడు పదోవంతుల మిల్లీగ్రాము తేడాలో సరిపోయింది.

మా ఇన్‌చార్జి అప్పుడు లోపలికి వచ్చారు. కాగితం చూసి, "CAL నొక్కి, 200 గ్రాముల బరువు పెట్టి సరిచేసెయ్ అమ్మా, రెండు నిమిషాల పని" అన్నారు. ఆయన చెప్పింది మామూలుగా అందరూ చేసేదే. ఆమె, "ఇప్పుడు నొక్కితే ఇప్పటికి సరిపోతుంది సార్. అరగంటలోనే నాలుగు పదోవంతులు ఎక్కింది. మధ్యాహ్నానికి అటువైపు తప్పు పోతుంది. ఎందుకిలా అవుతుందో తెలిసేదాకా నొక్కను" అంది. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఈ సంభాషణకు నేను పక్కనే ఉన్నాను. నా ఉద్దేశంలో ఆ వారం మొత్తం నిలబడింది ఈ ఒక్క జవాబు మీదే.

ఎందుకో చెబుతాను. కదులుతున్న బ్యాలెన్సును సరిచేయడం అంటే కదిలే వస్తువుకు గీత గీయడమే. పదకొండుకు సరిచేస్తే, మధ్యాహ్నం రెండుకు బ్యాలెన్సు తన అసలు స్థితికి వచ్చేసరికి ఫ్లాస్కు మీద ఒక మిల్లీగ్రాముకు పైగా ఎక్కువ చూపిస్తుంది. ఆ మధ్యాహ్నం తూచబోయే మూడో బ్యాచ్ ఖాళీ ఫ్లాస్కులన్నీ ఆ తప్పుతో పుస్తకంలోకి ఎక్కుతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. సరిచేసేముందు బ్యాలెన్సు ఎలా ఉందన్న రుజువు చెరిగిపోతుంది. ముందటి అంకె ఉంటే, పాత తూకాల్లో ఏవి నమ్మదగినవో ఏవి కావో వెనక్కి వెళ్లి తేల్చవచ్చు. అది లేకపోతే అన్నిటినీ అనుమానించడం తప్ప దారి ఉండదు. చాలా ల్యాబుల్లో ఉదయం రాగానే మొదట సరిచేసి, ఆ తర్వాత చెక్ వెయిట్ పెట్టి టిక్కు పెట్టే అలవాటు ఉంది. అలా చేస్తే ఆ చెక్ వెయిట్ ఎప్పటికీ తప్పు చూపదు. ముందు చూడాలి, రాయాలి, తర్వాతే సరిచేయాలి.

కారణం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. పెన్సిలు అంకెల్లో సోమవారం ఉదయం బాగుంది, మంగళవారం ఉదయం చెడింది, సాయంత్రం బాగైంది, బుధవారం ఉదయం మళ్లీ చెడింది. పగలు బాగుపడి రాత్రి చెడుతోందంటే రాత్రి ఏదో మారింది. ఆమె బయటికి వెళ్లి, రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి వెళ్లబోతున్న వాచ్‌మన్‌ను అడిగింది. "సోమవారం నుంచి రాత్రిపూట ఫ్రిజ్‌లు తప్ప అన్నీ ఆపి మెయిన్ దించెయ్యమన్నారు మేడమ్, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందంట. తెల్లారి తొమ్మిదికి నేనే వేస్తన్నా" అన్నాడు.

రోహిణి కార్తె రోజులు. రాత్రంతా ఏసీ లేని గదిలో గోడలు, రాతి పలక, దాని మీది బ్యాలెన్సు అన్నీ వేడెక్కి ఉంటాయి. తొమ్మిదికి ఏసీ వేస్తే గదిలో గాలి గంటలో చల్లబడుతుంది. బ్యాలెన్సు లోపలి భాగాలు అంత తొందరగా చల్లబడవు. పైగా అంతకుముందు ఎప్పుడూ ఆపకుండా, తెర ఆర్పి ఉన్నా లోపల కరెంటు పారుతూ ఉండే మిషన్ అది. ఇలాంటి బ్యాలెన్సులో పళ్లెం మీది బరువును ఒక అయస్కాంతం మధ్య ఉన్న తీగచుట్టలో కరెంటు పంపి మోస్తారు. ఎంత కరెంటు పట్టిందన్నదే బరువుగా తెర మీదికి వస్తుంది. అయస్కాంతం బలం వేడిమితో మారుతుంది. లోపలి ఎలక్ట్రానిక్స్ ఆ మార్పును లెక్కగట్టి సరిచేస్తుంటాయి గానీ, మిషన్ లోపల ఒక చోట వేడిగా, ఒక చోట చల్లగా ఉన్నప్పుడు ఆ సవరణ కుదరదు. అన్నీ కుదురుకున్నాక కూడా ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో ఒకటి రెండు వంతుల మార్పు ఉంటుందని తయారీదారులే చెబుతారు. స్విచ్ వేశాక వాడే ముందు చాలాసేపు వేడెక్కనివ్వాలని మిషన్‌తో వచ్చే పుస్తకంలో రాసేది ఇందుకే. తొమ్మిదికి కరెంటు వచ్చి, పదీ ఇరవైకి తూకం మొదలైతే ఆ గడువు ఈ మిషన్‌కు చాలలేదు.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూడండి. ఆ ఉదయం తీసిన రెండు బ్లాంక్ తూకాలనూ కొట్టివేయకుండా, పక్కన కారణం రాసి సంతకం చేసి ఉంచింది. మొదటి బ్యాచ్ ఫ్లాస్కులను డెసికేటర్‌లోనే ఉంచింది. ప్రతి అరగంటకూ చెక్ వెయిట్ పెట్టి చూసింది. మధ్యాహ్నం రెండు గంటలకు 100.0000 వచ్చింది, అరగంట తర్వాత కూడా అదే. అప్పుడు బ్లాంక్‌ను తూచితే సోమవారం బరువు కంటే 0.1 మిల్లీగ్రాము ఎక్కువ. మిగిలిన ఐదింటినీ తూచి, చివరలో బ్లాంక్‌ను, చెక్ వెయిట్‌ను మళ్లీ తూచింది. రెండూ కదల్లేదు. డెసికేటర్‌లో మూడు నాలుగు గంటలు అదనంగా ఉన్నంత మాత్రాన ఆ కొవ్వు బరువు మారదు. రోజుల తరబడి గాలిలో వదిలితే ఆక్సిజన్ పట్టి చేపనూనె బరువు పెరుగుతుంది కాబట్టి, ఈ సంగతి శుక్రవారం బయటపడి ఉంటే మొదటి బ్యాచ్‌ను మళ్లీ తూచి బాగుచేసుకునే అవకాశం ఇంత తేలిగ్గా ఉండేది కాదు.

నేను ఈ వాదన చెప్పినప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. బ్లాంక్ ఉంది కదా, బ్లాంక్‌లో తగ్గినంత మిగిలిన వాటికి కలుపుకుంటే సరిపోదా అని. ఆరు ఫ్లాస్కులనూ ఒకే క్షణంలో తూచగలిగితే సరిపోతుంది. ఆరింటినీ తూచడానికి అరగంట పైన పడుతుంది, ఆ అరగంటలోనే బ్యాలెన్సు 0.4 మిల్లీగ్రాములు కదిలింది. మొదట తూచిన బ్లాంక్ ప్రకారం చివరి ఫ్లాస్కును సరిచేస్తే అక్కడ కొత్త తప్పు పుడుతుంది. బ్లాంక్ తప్పును పట్టిస్తుంది. నిలకడ లేని బ్యాలెన్సుకు అది మందు కాదు.

అలాగే చెక్ వెయిట్ ఒక్కటే ఉండి, బ్లాంక్ లేకపోతే సరిపోతుందా అంటే అదీ చాలదు. గాలి ప్రతి వస్తువునూ కొంత పైకి ఎత్తుతుంది. 112 గ్రాముల గాజు ఆక్రమించే చోటు 100 గ్రాముల ఉక్కు ఆక్రమించే దానికి దాదాపు నాలుగు రెట్లు. గది వేడెక్కి గాలి పలచబడితే గాజు ఫ్లాస్కు బరువు ఎక్కువ చూపుతుంది, ఉక్కు బరువులో ఆ మార్పు అంతగా కనబడదు. ఖాళీ ఫ్లాస్కును 25 డిగ్రీల గదిలో, కొవ్వున్న దాన్ని 33 డిగ్రీల గదిలో తూచితే, బ్యాలెన్సులో ఏ లోపం లేకపోయినా ఒకటిన్నర మిల్లీగ్రాముల దాకా తేడా రావచ్చు. ఇది ఉక్కు చెక్ వెయిట్‌కు పూర్తిగా దొరకదు. అదే గాజుతో చేసిన, అదే ఆకారం ఉన్న బ్లాంక్ ఫ్లాస్కుకే దొరుకుతుంది. మా గదిలో బుధవారం తూకాల వేళకు గాలి వేడిమి మామూలు స్థితికి దగ్గరగా ఉండబట్టే రెండూ ఒకే కథ చెప్పాయి.

ఆమె ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టడం కష్టం కాదు. మొదటి మూడు బ్యాచ్‌ల చివరి తూకాలు బుధ, గురు, శుక్రవారాల ఉదయాలకు, నాలుగో బ్యాచ్‌ది శనివారం మధ్యాహ్నానికి ముందే నిర్ణయించి ఉన్నాయి. ఖాళీ ఫ్లాస్కులన్నీ మధ్యాహ్నాలు తూచినవే. అంటే మొదటి మూడు రకాలకూ కొవ్వు శాతం 0.08 తక్కువ పడేది, నాలుగో రకానికి పడేది కాదు. చివరికి సరిగ్గా తూచినప్పుడు రెండో బైండరుకు సగటున 5.21 శాతం, మూడో బైండరుకు 5.23 శాతం వచ్చింది. ఒకే రకానికి చెందిన ఐదు ఫ్లాస్కుల మధ్యే 0.04 దాకా తేడా ఉంది కాబట్టి, ఆ రెండు బైండర్లలో ఏది మేలో ఈ ప్రయోగం చెప్పలేదు, అలాగే రిపోర్టు రాశాం. తప్పు తూకాలతో అయితే 5.13కూ 5.23కూ మధ్య పోటీ అయ్యేది. రైతులకు మేము మూడో బైండరు కొనమని చెప్పి ఉండేవాళ్లం. పుస్తకంలో ఆ వారం ప్రతి ఉదయం టిక్కు ఉండేది. ఆడిట్ చేసేవాళ్లు వచ్చినా తప్పు పట్టడానికి ఏమీ ఉండేది కాదు. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. తప్పుడు ఫలితం వచ్చి, దాన్ని తప్పని చూపే కాగితం ఒక్కటీ ఉండకపోవడం.

ఇక హద్దు సంగతి. 100 గ్రాములకు 2 మిల్లీగ్రాముల హద్దు ఆ బ్యాలెన్సుకు ఏ మాత్రం తగినది కాదు. ఎక్కువ గ్రాముల్లో తూచి రసాయన ద్రావణాలు కలుపుకునే పనికి అది సరిపోవచ్చు. బరువైన పాత్రలో మిల్లీగ్రాముల తేడా వెతికే పనికి సరిపోదు. హద్దును ఆ బ్యాలెన్సు చరిత్ర నుంచే తీయాలి. రెండు నెలల అంకెలు ఉంటే, అవి మామూలుగా ఎంత మేర చెదురుతాయో లెక్క కట్టి, ఆ చెదురుకు రెండింతలు దాటితే జాగ్రత్త పడాలి, మూడింతలు దాటితే పని ఆపాలి. ఇది గణాంకాలు తెలిసిన వారికి కొత్త సంగతి కాదు. కానీ ఈ లెక్క చేయడానికి కావలసిన ముడిసరుకు అంకెలు. టిక్కుల నుంచి సగటు తీయలేం. పెన్సిలు అంకెలు లేకపోతే 99.9987 అనేది ఆ బ్యాలెన్సుకు మామూలా, వింతా అన్నది మాకు తెలిసే మార్గమే లేదు.

లోపలి బరువుతో దానంతట అదే సరిచేసుకునే బ్యాలెన్సు కొంటే ఈ బాధంతా ఉండదు కదా అని మా ఇన్‌చార్జి తర్వాత అన్నారు. కొనడం మంచిదే, నేను కాదనను. వేడిమి మారినప్పుడు అది తనను తాను సరిచేసుకుంటుంది. అయితే వేడి ఫ్లాస్కును చల్లనిదిగా అది మార్చలేదు, గాజును పైకెత్తే గాలిని లెక్కలోకి తీసుకోదు, మట్టం తప్పిన బల్లను ఎత్తిపెట్టదు. ఇంకా ఒక ఇబ్బంది ఉంది. అర్ధరాత్రో తెల్లవారుజామునో తనంతట తాను సరిచేసుకున్న మిషన్, సరిచేసుకునే ముందు ఎంత తప్పు ఉందో ఎక్కడా రాసిపెట్టకపోతే, వెనకటి తూకాలను తిరిగి చూసే దారి మళ్లీ మూసుకుపోతుంది. అలాంటి మిషన్ ఉన్న చోట కూడా చెక్ వెయిట్, బ్లాంక్, అంకె రాసే పుస్తకం ఉండాల్సిందే.

ఆ గురువారమే బ్యాలెన్సుకు ఫ్రిజ్‌ల లైను నుంచి వేరే వైరు లాగించారు. ఆ ప్లగ్గు మీద టేపు వేసి, దీన్ని ఎవరూ తీయకూడదని ఆమె తన చేతి రాతతో కాగితం అంటించింది. ఏసీని రాత్రంతా నడపడానికి యజమాని ఒప్పుకోలేదు. అందుచేత కొవ్వు తూకాలన్నిటినీ, ఖాళీ ఫ్లాస్కులతో సహా, మధ్యాహ్నం రెండు తర్వాతకు మార్చారు. ప్రతి బ్యాచ్‌కూ ముందూ వెనకా చెక్ వెయిట్, మొదటా చివరా బ్లాంక్. పుస్తకంలో టిక్కు గడి తీసేసి అంకెకూ, టైముకూ, గది వేడిమికీ మూడు గడులు పెట్టారు. హద్దు 0.5 మిల్లీగ్రాముకు తగ్గింది. దాని మీద ఇన్‌చార్జికీ నాకూ ఇంకా వాదన నడుస్తూనే ఉంది. అంత ఇరుకు హద్దు పెడితే వానాకాలంలో ఉరుములకు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పని ఆగుతుందని ఆయన అంటారు. కరెంటు పోయి వచ్చిన బ్యాలెన్సు మీద ఆ పూట ఫ్లాస్కు తూచకూడదన్నదే నా మాట. నీటి పరీక్షలకు రసాయనాలు తూచే పనిని ఆ కాసేపు రెండో బ్యాలెన్సు మీదికి మార్చుకోవచ్చని ఆమె చెప్పింది. ప్రస్తుతానికి అలాగే నడుస్తోంది.